ముత్తాతగారి బుగ్గ మీద పుట్టుమచ్చ ఎవరు పెట్టారు?

ప్రశ్న: మా ముత్తాతగారు కోటు, తలపాగాతో, చేతిలో పుస్తకం పట్టుకుని కుర్చీలో కూర్చున్నట్టు వేసిన రంగుల పటం ఒకటి మా ఇంట్లో ఉంది. రెండడుగుల ఎత్తు ఉంటుంది. మూలన చిత్రకారుడి పొడి సంతకం, 1931 అన్న అంకె ఉన్నాయి. ఆయన 1949లో పోయారు. ఫోటో ఒక్కటీ లేదు. మా అబ్బాయి ఆ పటాన్ని ఫోన్‌తో తీసి ఒక యాప్‌లో పెడితే నిన్నగాక మొన్న తీసిన ఫోటోలా వచ్చింది. కానీ అందులో కుడి బుగ్గ మీద పుట్టుమచ్చ, నుదుట ఎర్రటి నామం ఉన్నాయి. మా ఇంట్లో విభూతే తప్ప నామం పెట్టే ఆనవాయితీ లేదు. చిన్నప్పుడు ఆయన్ని చూసిన మా పెద్ద మేనత్తకు ఇప్పుడు 84 ఏళ్లు. ఆవిడ "ఆ మచ్చ లేదు" అంటుంది. బాబాయి "పటంలో చుక్క ఉంది కదా" అంటాడు. బాబాయి ఫోటో కూడా కలిపితే ఇంకా సహజంగా వస్తుందని స్టూడియో అతను చెబుతున్నాడు. సంక్రాంతికి కుటుంబమంతా కలుస్తాం. అప్పటికి పెద్ద ప్రింటు వేయించాలని ఉంది. సరిగ్గా చేయించే దారి ఏమిటి?
— ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం:

అమ్మా, ప్రింటు సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టి, ముందు ఆ పటాన్ని గోడ మీద నుంచి దింపి, చీకటి గదిలో బల్ల మీద వెల్లకిలా పెట్టండి. ఫోన్ టార్చిని పటానికి ఒక పక్కగా, దాదాపు పటం ఎత్తులోనే పట్టుకుని, వెలుతురు దాని మీదుగా ఏటవాలుగా జారేటట్టు చూడండి. బుగ్గ మీది చుక్క గుండుసూది తలంత ఉండి, రంగు పొర కంటే కాస్త ఉబ్బెత్తుగా, నల్లటి గోధుమ వన్నెలో కనిపిస్తే, అలాంటి చుక్కలే కోటు మీదా వెనుక తెర మీదా ఒకటీ అరా ఉంటే, అది చాలావరకు ఈగ రెట్ట. పాత పటాల మీద ఇది అతి మామూలు సంగతి. చిత్రకారుడే పెట్టిన చుక్క అయితే అది రంగులో కలిసి ఉంటుంది, ఆ రంగే మీసంలోనో కనుబొమల్లోనో మళ్లీ కనిపిస్తుంది, పాత రంగులో వచ్చిన సన్నని పగుళ్లు ఆ చుక్కను కూడా చీల్చుకుంటూ పోతాయి. ఈగ రెట్ట ఆ పగుళ్ల పైన కూర్చుంటుంది. పటానికి అద్దం బిగించి ఉంటే ఇంకో తేలిక పరీక్ష ఉంది: తలను అటూ ఇటూ జరుపుతూ చూస్తే, అద్దం మీది మరక ముఖం మీద చోటు మారుతుంది, రంగులో ఉన్న చుక్క కదలదు. ఏం తేలినా గోటితో గీకకండి, తడిగుడ్డ పెట్టకండి. అద్దానికి రంగు అంటుకుని ఉంటే ఫ్రేము విప్పే ప్రయత్నం కూడా మానండి.

నుదుటిని కూడా ఆ వెలుతురులోనే చూడండి. నాకు మచ్చ కంటే నుదురే ఎక్కువ పట్టించుకోదగినదిగా అనిపిస్తోంది. మీ ఇంటి ఆనవాయితీ విభూతి అంటున్నారు కనుక 1931లో చిత్రకారుడు మూడు అడ్డగీతలు వేసి ఉండే అవకాశం ఉంది. తైలవర్ణంలో తెలుపును తరచుగా చిక్కగా పూస్తారు కాబట్టి, కంటికి కనిపించకుండా మాసిపోయిన గీత కూడా ఏటవాలు వెలుతురులో చిన్న గట్టులా లేస్తుంది. పైన వేసిన వార్నిష్ తొంభై ఏళ్లలో పచ్చబడితే తెల్లని విభూతి చర్మం రంగులోకి దిగిపోతుంది. యంత్రానికి అప్పుడు నుదుటి మీద కనిపించేవి మూడు అడ్డ చారలు, అవి దానికి ముడతలు. మీ అబ్బాయి తెప్పించిన బొమ్మలో నుదుటి మీద లోతైన ముడతలు మూడు ఉన్నాయేమో ఒకసారి చూడండి. ఉంటే విభూతి ఎటు పోయిందో మీకే తెలిసిపోతుంది. ఇక నామం అయిన నిలువు గీత సంగతి. అది కనుబొమల మధ్య మొదలై నుదుటితో ఆగిపోతోందా, లేక తలపాగా మీదుగా వెనుక తెర మీదకు కూడా సాగుతోందా? తెర దాకా సాగితే అది పైనుంచి కారిన నీటి చారో, పగులో అయి ఉంటుంది. ఇంటి కప్పు ఒక వానాకాలం కారిన గుర్తును యంత్రం శ్రీచూర్ణంగా దిద్ది, పక్కన తెల్లని పాదం కూడా చేర్చి, మీ ముత్తాతగారిని ఒక సంప్రదాయంలో నుంచి ఇంకొక సంప్రదాయంలోకి మార్చేసిందన్న మాట. కోటు గుండీ ఒకటి ఎక్కువైతే ఎవరికీ నష్టం లేదు కానీ, నుదుటి గుర్తు మన దగ్గర చిరునామా లాంటిది, దాన్ని చూసి రేపు ఎవరో మీ వంశ వృక్షాన్ని వేరే కొమ్మకు కడతారు.

ఈ పొరపాటు ఎందుకు జరుగుతుందో తెలిస్తే సరిచేయడం సులువు. ఈ యాప్‌లలో చాలావరకు పటాన్ని "శుభ్రం" చేయవు. అవి బొమ్మ మీద ఇసుక చల్లినట్టు కొంత అలజడిని కలిపి, దాని రూపురేఖలను కొంతమేర చెరిపి, తర్వాత ఆ అలజడిని కొద్దికొద్దిగా తీసేస్తూ, తాము నేర్చుకున్న లక్షల ఫోటోల అలవాటు ప్రకారం మళ్లీ గీస్తాయి. ఫోటోల్లో బుగ్గ మీద నల్లచుక్క కనిపిస్తే అది చాలాసార్లు పుట్టుమచ్చే కాబట్టి, మీ పటంలోని చుక్క కూడా పుట్టుమచ్చ అయింది. దానికి చిన్న నీడ, ఒక మెరుపు కూడా వచ్చి ఉంటాయి. చిత్రకారుడికి ఏదైనా సరిగా తెలియకపోతే అక్కడ కుంచెను మెత్తగా ఆడించి వదిలేస్తాడు, చూసేవారికి ఆ తెలియనితనం తెలుస్తుంది. యంత్రానికి అలా వదిలేసే అలవాటు లేదు, తెలిసిన చోటునూ తెలియని చోటునూ ఒకే పదునుతో నింపుతుంది. 2020లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వారు తయారు చేసిన పల్స్ అనే సాధనం గుర్తుందా? అది గడులు గడులుగా కనిపించే అతిచిన్న ముఖచిత్రాన్ని పెద్దదిగా, స్పష్టంగా మార్చేది. ఎవరో బరాక్ ఒబామా ఫోటోను అలా చిన్నది చేసి ఇస్తే అది ఒక తెల్లజాతి మగవాడి ముఖాన్ని తీసి చూపించింది. ఆ ముఖంలో ఎక్కడా మసక లేదు, చర్మ రంధ్రాలతో సహా ఉంది, మనిషి మాత్రం వేరు. ఒబామా ముఖం లోకానికి తెలుసు కాబట్టి తప్పు ఆ రోజే పట్టుబడింది. మీ ముత్తాతగారి ముఖం తెలిసినది ఇప్పుడు మీ మేనత్తగారికి మాత్రమే.

మీ అబ్బాయి చేసిన పనిలో ఇంకొక చిక్కు ఉంది, అందులో అతని తప్పేమీ లేదు. రెండడుగుల పటంలో కూర్చున్న మనిషి ముఖం సుమారు మూడంగుళాలు ఉంటుంది. యాప్ మొత్తం పటాన్ని నిలువున 1,024 పిక్సెల్ చుక్కలకు కుదించిందనుకోండి, అందులో ఎనిమిదో వంతు, అంటే 128 చుక్కలు ముఖం ఎత్తుకు దక్కుతాయి. ఒక కన్ను వెడల్పు అందులో 18, 20 చుక్కలకు మించదు. పైగా ఈ సాధనాల్లో చాలావాటికి పని మొదలుపెట్టే ముందే ఎనిమిదేసి చుక్కలను ఒక గడిగా కుదించుకునే పద్ధతి ఉంది. ఆ లెక్కన మీ ముత్తాతగారి కన్ను మొత్తం రెండు మూడు గడులు. కనురెప్ప మడత, కనుకొలకు వాలు, చూపులోని కాఠిన్యమో జాలో ఆ రెండు మూడు గడుల్లో పట్టవు. బొమ్మలో ఇప్పుడు కళకళలాడుతున్న ఆ కళ్లు దాదాపు పూర్తిగా యంత్రానివే. అందుకని మళ్లీ చేయించదలిస్తే మొత్తం పటాన్ని ఒకేసారి ఇవ్వకుండా, ముఖాన్ని మాత్రం దగ్గరగా తీసి, ముఖమే 1,000 చుక్కల ఎత్తు వచ్చేటట్టు ఇవ్వాలి.

ఆ తీయడం ఎలాగో కూడా చెబుతాను. వరండాలో నేరుగా ఎండ పడని చోట, పటాన్ని గోడకు నిటారుగా ఆనించి, కెమెరాను పటం మధ్యభాగానికి సరిగ్గా ఎదురుగా, పటానికి సమాంతరంగా ఉంచండి. కింది నుంచి ఎత్తి తీస్తే గడ్డం పెద్దదై నుదురు కుంచించుకుపోతుంది, ఆ వంకరను యంత్రం నిజమైన ముఖ నిర్మాణంగా తీసుకుంటుంది. ఫోన్‌లో ముఖాలను నునుపు చేసే సదుపాయం ఏదైనా ఉంటే ఆపేయండి, ఫ్లాష్ వద్దు. మొత్తం పటం ఒకటి, ముఖం ఒకటి, ఏటవాలు వెలుతురులో ముఖం ఇంకొకటి, పటం వెనుకవైపు ఒకటి తీయండి. వెనుక ఫ్రేము కట్టినవారి చీటీయో, పెన్సిల్ రాతో ఉంటే అదే మీకు దొరికే మొదటి సాక్ష్యం. చర్మం రంగు కోసం పటంలో కచ్చితంగా తెల్లగా ఉండి ఉండవలసినదాన్ని చూడండి: పంచె గానీ, కంటి తెలుపు గానీ. అది ఇప్పుడు టీ రంగులో కనిపిస్తుంటే ముఖం కూడా అంతమేరకు పచ్చబడిందని అర్థం. పంచెను తెల్లగా దిద్దినప్పుడు ముఖానికి ఏ వన్నె వస్తుందో అక్కడ ఆగండి. చిత్రకారుడు పంచెను మొదటే గోధుమఛాయలో వేసి ఉండవచ్చు కాబట్టి ఇది ఉజ్జాయింపే అయినా, యాప్ ఇచ్చే తెల్లని తెలుపు కంటే మేలు. ఈ యాప్‌లు మనవాళ్ల ముఖాలను అడగకుండానే ఒకటి రెండు వన్నెలు తేల్చేయడం నేను చాలాసార్లు చూశాను.

ఇంకో ముఖ్యమైన పరీక్ష మిగిలింది. మన ఇళ్లలో "పెయింటింగ్" అని పిలిచే పాత పటాల్లో చాలా నిజానికి రంగులద్దిన ఫోటోలు. అప్పట్లో స్టూడియోల్లో చిన్న ఫోటోను బ్రోమైడ్ కాగితం మీద పెద్దది చేసి, దాని మీద నీటిరంగులో తైలవర్ణాలో పూసి ఇచ్చేవారు. వాటి మీద చిత్రకారుడి సంతకం కూడా ఉండేది. పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంతో చెవి అంచు, వేళ్ల సందులు, కుర్చీ కాళ్ల దగ్గర నీడ చూడండి. అక్కడ కుంచె గీత లేకుండా బూడిదరంగు నునుపుగా నలుపులోకి మారుతుంటే, లేదా ముదురు భాగాల్లో పక్క నుంచి చూసినప్పుడు వెండి పూత లాంటి మెరుపు కనిపిస్తే, అడుగున ఫోటో ఉన్నట్టే. అలా అయితే "ఫోటో ఒక్కటీ లేదు" అన్న మాట తప్పుతుంది, పైన రంగు పలచగా ఉన్న చోటల్లా అసలు ముఖం కనిపిస్తున్నట్టే. అప్పుడు యాప్‌ల జోలికి పోకుండా, పాత కాగితాలు, పటాలు బాగుచేసే నిపుణుడి దగ్గరకు తీసుకెళ్లండి. అయితే అడుగున ఫోటో ఉన్నా రంగులు మాత్రం పైన పూసిన చిత్రకారుడు వేసినవే. పైగా ఆ కాలపు ప్లేట్లలో చాలావాటికి ఎరుపు సరిగా కనిపించేది కాదు, కుంకుమ బొట్టు నల్లగా పడేది, లేత నీలం తెల్లగా తేలేది. నలుపు తెలుపు ఫోటో ముందు పెట్టుకున్న చిత్రకారుడు కోటు రంగును ఇంటివాళ్లను అడిగో, తనకు తోచినట్టో వేసేవాడు. ఆ కోటు కూడా మీ ముత్తాతగారిదే అని గట్టిగా అనుకోకండి. స్టూడియోల్లో వచ్చినవారికి తొడగడానికి ఒక కోటు, ఒక చేతి గడియారం, చేత్తో పట్టుకోవడానికి ఒక అట్టపుస్తకం ఉంచుకోవడం మామూలే. అందుకని ఆ పుస్తకాన్ని యంత్రం ఫలానా గ్రంథంగా మార్చి దాని మీద అక్షరాల్లాంటివి గీకితే నవ్వి ఊరుకోకుండా చెరిపించండి.

ఇప్పుడు మళ్లీ చేయించే విధానం. ముఖం దగ్గరి ఫోటోను ముందు చేత్తోనే శుభ్రం చేయాలి, అంటే నకలు మీద, మామూలు ఫోటో దిద్దే సాఫ్ట్‌వేర్‌లో, ఏటవాలు వెలుతురులో మరక అని తేలినవాటిని మాత్రమే తీసేయాలి. ఈగ రెట్టలు, నీటి చార, పగుళ్లు పోతాయి, చిత్రకారుడు వేసినదేదీ పోకూడదు. యంత్రానికి మరకలు చూపించకపోతే మరకల నుంచి మచ్చలు పుట్టవు, సగం సమస్య ఇక్కడే తీరిపోతుంది. తర్వాత ఒక్క బటన్ నొక్కితే బొమ్మ ఇచ్చే యాప్ కాకుండా, అంకెలు మన చేతిలో ఉండే సాధనం వాడే వారి చేత చేయించండి. అలాంటి వాటిలో `Denoising strength` అని 0 నుంచి 1 వరకు ఒక కొలత కనిపిస్తుంది, నేను పైన చెప్పిన ఇసుక ఎంత చల్లాలో చెప్పేది అదే. సాధనాన్ని బట్టి అంకెలు మారినా, నా అనుభవంలో 0.25, 0.3 దగ్గర కుంచె గీతలు కరిగి చర్మంలా మారడం మొదలవుతుంది, ముఖం ఆయనదిగానే ఉంటుంది. 0.5 దాటితే అదే కోటు తొడుక్కున్న ఇంకొక పెద్దమనిషి వచ్చి కూర్చుంటాడు. `Restore faces` అని గడి ఉంటే దాన్ని ఖాళీగా వదిలేయమనండి, అది ముఖాన్ని తనకు నచ్చిన ముఖాల వైపు లాగుతుంది.

ఒక్క బొమ్మతో తృప్తిపడకుండా అవే అంకెలతో, ఆ ఇసుక ఏ తీరున పడాలో నిర్ణయించే `Seed` అనే అంకె ఒక్కటి మార్చి, పది బొమ్మలు తీయించండి. పదింటినీ వరసగా పెట్టి చూడండి, ఇది నాకు తెలిసినంతలో అన్నిటికన్నా నిజం చెప్పే పరీక్ష. ఒకదానిలో చెవి తమ్మె అతుక్కుని, ఇంకొకదానిలో విడిగా వేలాడుతుంటుంది. ఒకదానిలో కంటికింద సంచి, ఇంకొకదానిలో నునుపు. ఒకదానిలో మీసం కిందికి, ఇంకొకదానిలో పక్కకు. ఇలా మారుతున్నవన్నీ పటంలో లేనివి, యంత్రం ఆ పూటకు ఊహించినవి. పదింటిలోనూ మారనివి పటం నుంచి వచ్చి ఉండాలి అనుకుంటాం కానీ అక్కడ ఒక మెలిక ఉంది: యంత్రానికి గట్టి అలవాటు అయినవి కూడా మారవు. పెదవి కొసలో సన్నని నవ్వు, తడి కళ్లు, మైనం లాంటి బుగ్గలు అలాంటివి. అనుమానం వస్తే అదే కాలపు ఇంకెవరిదైనా పటాన్ని అవే అంకెలతో ఇచ్చి చూడండి. ఆయనకూ అదే నవ్వు వస్తే అది మీ ముత్తాతగారి నవ్వు కాదు. చివరగా ఎంచుకున్న బొమ్మను పటం మీద ఒక పొరగా పరిచి, పై పొరను కనిపింపజేస్తూ దాచేస్తూ మార్చి మార్చి చూడండి. కనుపాపల మధ్య దూరం, ముక్కు కింది అంచు, పెదవి కొసలు కదలకూడదు. చిత్రకారుడు కళ్లను కొంచెం పెద్దవిగా వేశాడని మీకు అనిపించినా, యంత్రం వాటిని చిన్నవి చేయడాన్ని దిద్దుబాటుగా లెక్కించకండి. ఎందుకంటే ఎదురుగా కూర్చోబెట్టుకునో, ఫోటో చూసో వేసినవాడు ఆయన ఒక్కడే.

బాబాయిగారి ఫోటో కలపడం మాత్రం వద్దే వద్దు. ఆ బొమ్మ చూసి రేపు అందరూ "అచ్చం బాబాయి ముక్కే" అంటారు. అనక ఏం చేస్తారు, బాబాయి ముక్కే పెట్టాం కదా! పోలిక మనం పెట్టి, దాన్ని మనమే కనిపెట్టినట్టు సంతోషించడం తప్ప అందులో ఏమీ లేదు. అసలు పటంలో బాబాయి పోలికలు ఉంటే అవి కలపకుండానే కనిపిస్తాయి.

మీ మేనత్తగారి మాటకు ఎంత విలువ ఇవ్వాలి అన్నది తేల్చడం సున్నితమైన పని. ఆయన పోయినప్పుడు ఆవిడకు ఏడెనిమిదేళ్లు ఉండి ఉంటాయి. ఆవిడ చూసినది పటంలోని 1931 నాటి మనిషిని కాదు, దాదాపు రెండు దశాబ్దాలు పెద్దవారైన తాతగారిని. అయినా పుట్టుమచ్చ సాధారణంగా అంత తేలిగ్గా మాయమయ్యేది కాదు, ఒళ్లో కూర్చున్న పిల్లకు బుగ్గ మీది మచ్చ తెలియకుండా ఉండదు, పైగా యాప్ బొమ్మను కళ్లారా చూసిన తర్వాత కూడా ఆవిడ లేదనే అంటున్నారు. నేనైతే ఆ మాటను రాసిపెట్టుకుంటాను. అయితే ఇకమీదట ఏదైనా అడగదలిస్తే ఆ బొమ్మను ఆవిడకు మళ్లీ చూపించకండి. రెండు మూడు సార్లు చూస్తే ఎవరికైనా జ్ఞాపకంలోని ముఖం జరిగిపోయి ఆ ముఖమే కూర్చుంటుంది. "విభూతి పెట్టుకునేవారా?" అని కూడా అడగకండి, "పొద్దున్నే స్నానం చేసి వచ్చాక ఏం చేసేవారు?" అని అడగండి. చెవులకు పోగులు, తలపాగా ఏ వైపు ముడి, మీసం, ఇలా ఆవిడ చెప్పినవాటిని చెప్పిన మాటల్లోనే, తేదీ వేసి, ఒక నోటుపుస్తకంలో రాయండి. అదే పుస్తకంలో కొత్త బొమ్మలోని ప్రతి వివరానికి ఎదురుగా అది ఎక్కడిదో రాయండి: పటంలో ఉన్నది, మేనత్తగారు చెప్పినది, యంత్రం వేసినది. మూడో రకంగా తేలినవి ముఖంలో ఉంటే వాటిని అలాగే వదిలేయకుండా, ఆ చోట అసలు పటంలోని భాగాన్నే తెచ్చి అతికించమని చెప్పండి. నుదురు తేలకపోతే నుదురు కుంచె గీతలతోనే ఉండనివ్వండి. బొమ్మ కొంత ఫోటోలా, కొంత పటంలా కనిపిస్తుందని స్టూడియో అతను విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

యంత్రాన్ని ఇంతగా తిడుతున్న నేను చేత్తో చేసిన పాపం ఒకటి ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక ముసలావిడ పటం బాగుచేస్తూ, ముక్కు పక్కన రంగు ఊడి తెల్లగా కనిపించిన చోటును ముక్కుపుడక అనుకుని, ఎంతో ముద్దుగా తెల్లరాయి పుడక ఒకటి దిద్దాను. ఇంటివాళ్లు దాన్ని చూసి మనవరాలి పెళ్లికి అచ్చం అలాంటి పుడకే చేయించారు. తర్వాత ఒక గ్రూప్ ఫోటో దొరికింది. అందులో ఆవిడ ముక్కు బోసి. ఆ రోజు నుంచి నేను దిద్దిన ప్రతిచోటునూ చిన్న కాగితం మీద గుర్తుపెట్టి పటం వెనుక అంటిస్తున్నాను.

మీరు కూడా అలాంటి గుర్తు వదలాలి. బొమ్మ కిందనే, కత్తిరిస్తే తప్ప పోని చోట, "1931 నాటి చిత్రపటం ఆధారంగా కంప్యూటర్‌తో కల్పించిన రూపం. ఫోటో కాదు" అని తయారు చేసిన సంవత్సరంతో సహా అచ్చు వేయించండి. ఫైలు లోపల కూడా ఈ సంగతి రాసే వీలుంది. మీ అబ్బాయికి కంప్యూటరు చేతనైతే ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత సాధనంతో ఈ ఒక్క వరుస చాలు:

```
exiftool -XMP-iptcExt:DigitalSourceType="http://cv.iptc.org/newscodes/digitalsourcetype/compositeWithTrainedAlgorithmicMedia" muttata.jpg
```

అసలు చిత్రానికి యంత్రం కల్పించినది కలిసిందని చెప్పే, వార్తాసంస్థలు ఉపయోగించే గుర్తు ఇది. కానీ వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఫైలు లోపలి రాతలు సాధారణంగా ఊడిపోతాయి కాబట్టి దీన్నే నమ్ముకోకుండా, కింద అచ్చు వేసిన మాటను ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి.

సంక్రాంతికి గోడ మీద పెద్దగా పెట్టవలసినది, నా మట్టుకు, పటం నకలే: వరండా వెలుతురులో చక్కగా తీసి, మరకలు మాత్రం తీసేసి, అసలు కొలతలోనే, మ్యాట్ కాగితం మీద వేయించినది. ఫోటో లాంటి రూపాన్ని దాని పక్కన, దానికంటే చిన్నగా, పోస్టుకార్డు అంత సైజులో పెట్టండి. పిల్లలు రెండింటినీ పోల్చి చూస్తారు, తేడాలు అడుగుతారు, మేనత్తగారు పక్కనే కూర్చుని ఉంటే ఇంకా కొన్ని మాటలు మీ నోటుపుస్తకంలోకి వస్తాయి. ఈలోగా చేయవలసిన తొందర పని ఒకటే. ఆ మచ్చ, నామం ఉన్న బొమ్మ ఇప్పటికే మీ కుటుంబం వాట్సాప్ గ్రూపులో పడే ఉంటుంది, ఎవరో ఒకరు దాన్ని తమ ఫోన్‌లో "తాతగారు" అన్న పేరుతో దాచుకునే ఉంటారు. టార్చి పరీక్షలో చుక్క ఈగ రెట్ట అని తేలిన రోజే, ఏటవాలు వెలుతురులో తీసిన ఆ ఫోటోను, చుక్క ఉబ్బెత్తుగా కనిపిస్తున్నదాన్ని, అదే గ్రూపులో పెట్టండి. బాబాయిగారికి విడిగా ఇంకొకటి పంపండి.